జింక్ + హైడ్రోక్లోరిక్ ఆమ్లం ప్రాక్టికల్: క్లాసులో చేయించే ముందు టీచర్లకి వచ్చే డౌట్లు

టెన్త్ ఆమ్లాలు-క్షారాలు-లవణాలు పాఠంలో జింక్ ముక్కల మీద ఆమ్లం పోసి హైడ్రోజన్ తయారుచేసే ప్రయోగం ఉంది కదా, దాన్ని టీచర్ బల్ల మీద చేసి చూపించడం వేరు, 40 మంది పిల్లల చేత చేయించడం వేరు. రెండో దాని గురించి మెసేజీల్లో అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నా. లెక్కలన్నీ ఒక మామూలు హైస్కూల్‌ని దృష్టిలో పెట్టుకుని వేశా: సెక్షన్‌కి 40 మంది, నలుగురికో గ్రూపు చొప్పున 10 గ్రూపులు, 45 నిమిషాల పీరియడ్. మీ సంఖ్య వేరైతే దాన్ని బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

## ముందు రోజు

ఆమ్లం ఎంత కావాలి? ప్రతిసారీ ఎక్కువ కలిపి పారబోస్తున్నాం

గ్రూపుకి 5 మి.లీ. చాలు. 10 గ్రూపులు, ఒక్కో గ్రూపు రెండుసార్లు చేస్తుందనుకుంటే సెక్షన్‌కి 100 మి.లీ., ఎ, బి రెండు సెక్షన్లకి కలిపి 200. ఒలికినవి, మీ డెమో అన్నీ కలుపుకున్నా 250 మి.లీ. దాటదు. గాఢత 2 మోలార్ ఉంటే సరిపోతుంది, అంతకంటే ఘాటుగా ఎందుకు కలుపుతారో నాకర్థం కాదు, బుడగలు కాస్త వేగంగా వస్తాయి తప్ప పిల్లలు కొత్తగా చూసేదేం ఉండదు, కంట్లో పడితే మాత్రం దెబ్బ పెద్దది.

5 మి.లీ.కి ఎంత గ్యాస్ వస్తుందో కూడా చూద్దాం. సమీకరణం ఇది:

Zn + 2HCl → ZnCl₂ + H₂

2 మోలార్ ఆమ్లం 5 మి.లీ.లో 0.01 మోల్ HCl ఉంటుంది, అందులో సగం, అంటే 0.005 మోల్ హైడ్రోజన్ వస్తుంది. మన క్లాసురూమ్ వేడిలో అది సుమారు 120 మి.లీ. మామూలు 18×150 సైజు టెస్ట్ ట్యూబులో పట్టేది 30 మి.లీ. దాకా, అంటే నాలుగు ట్యూబుల గ్యాస్ అన్నమాట. "ఇంత తక్కువ పోస్తే వస్తుందా సార్" అనేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

సీసాలో ఉన్న గాఢ ఆమ్లాన్ని 2 మోలార్‌కి ఎలా కలపాలి?

ల్యాబ్ సీసా మీద 35-37 శాతం అని ఉంటుంది, అది దాదాపు 12 మోలార్. 250 మి.లీ. కావాలంటే 2 × 250 ని 12 తో భాగిస్తే సుమారు 42 మి.లీ. ముందు బీకరులో 180 మి.లీ. నీళ్లు తీసుకోండి, ఆ నీళ్లలోకి 42 మి.లీ. ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా గాజు కడ్డీతో కలుపుతూ పోయండి, చల్లారాక 250 దాకా నీళ్లు పోయండి. ఎప్పుడైనా నీళ్లలోకే ఆమ్లం, ఆమ్లంలోకి నీళ్లు కాదు. హైడ్రోక్లోరిక్‌తో సల్ఫ్యూరిక్ అంత వేడి పుట్టదు గానీ అలవాటు అలవాటే, రేపు సల్ఫ్యూరిక్ కలిపేటప్పుడు ఆ అలవాటే కాపాడుతుంది.

ఈ పని వరండాలో గానీ కిటికీ దగ్గర గానీ చేయండి, మూత తీయగానే పొగ వస్తుంది, ముక్కు మంట. పక్కన అమ్మోనియా సీసా ఉంటే రెండు ఆవిర్లు కలిసి తెల్లటి పొగ కమ్మేస్తుంది, అది అమ్మోనియం క్లోరైడ్, కాబట్టి ఆ రెంటినీ ఒకే అరలో పెట్టొద్దు. కళ్లజోడు, గ్లవుజులు మీకే ముందు కావాలి, ఎందుకంటే ఈ మొత్తం ప్రాక్టికల్‌లో నిజంగా ప్రమాదకరమైన పని ఇదొక్కటే, పిల్లలు రాకముందే అయిపోవాలి. పలుచన చేసిన సీసా మీద పేరు, గాఢత, తేదీ రాసి అంటించి, గాఢ ఆమ్లం సీసాని బీరువాలో పెట్టి తాళం వేయండి.

బాత్రూం కడిగే యాసిడ్ వాడొచ్చా? అది కూడా హైడ్రోక్లోరిక్కే కదా

అదే గానీ గాఢత ఎంతో తెలీదు, అందులో ఏమేం కలిసి ఉన్నాయో తెలీదు, పసుపు రంగు సాధారణంగా ఇనుము మలినాల వల్ల వస్తుంది. గాఢత తెలీనప్పుడు పైన చెప్పిన లెక్కలన్నీ పోతాయి. ల్యాబ్ గ్రేడ్ సీసా అర లీటరు కొంటే, ఒక్కోసారి 42 మి.లీ. చొప్పున, చాలా సంవత్సరాలు వస్తుంది. ఇక్కడ ఆదా చేయాల్సిన పనిలేదు.

జింక్ ఎంత తీసుకోవాలి?

గ్రూపుకి రెండు మూడు ముక్కలు, బరువు రెండు గ్రాములు ఉంటే హాయి. 5 మి.లీ. ఆమ్లం మొత్తం ఖర్చయినా తినేది 0.33 గ్రాము జింకే, కాబట్టి మిగతాది కడిగి మళ్లీ వాడుకోవచ్చు. కావాలనే జింక్ ఎక్కువ ఇస్తున్నాం: చివర్లో ట్యూబులో ఆమ్లం మిగలడం కంటే జింక్ మిగలడం మేలు. పౌడర్ మాత్రం వద్దు. పౌడర్ మీద ఆమ్లం పోస్తే ఒక్కసారిగా పొంగి ట్యూబు మూతిలోంచి బయటికొస్తుంది.

నైట్రిక్ ఆమ్లం ఉంది, దానితో చేయిద్దామా?

వద్దు. నైట్రిక్ ఆమ్లం ఆక్సీకరణి, అందులోంచి హైడ్రోజన్ రాకుండా నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, గోధుమ రంగు పొగ విషం. పాఠంలో సోడియం హైడ్రాక్సైడ్‌తో కూడా జింక్ హైడ్రోజన్ ఇస్తుందని ఉంటుంది, కానీ దానికి వేడి చేయాలి, వేడి కాస్టిక్ కంట్లో చిందితే ఆమ్లం కంటే ఘోరం. అది మీరు మాత్రమే చేసి చూపించండి, లేదంటే బోర్డు మీద చెప్పి వదిలేయండి.

మా స్కూల్లో ల్యాబూ లేదు, కుళాయీ లేదు. చేయించొచ్చా?

చేయించొచ్చు, కానీ నీళ్లు లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. కింద ట్యాప్ ఉన్న 20 లీటర్ల వాటర్ క్యాన్‌ని ఎత్తైన బల్ల అంచున నిండా పెట్టండి, కింద ఖాళీ బకెట్. నిమిషానికి లీటరు వచ్చేలా ట్యాప్ తిప్పితే 20 నిమిషాలు ధార ఆగదు, కన్ను కడగడానికి కావాల్సింది అదే. ఆ క్యాన్ కంటి కోసమే, సామాను కడగడానికి ఇంకో రెండు బకెట్లు. గది కిటికీలు, తలుపులు తెరిచి ఉంచాలి, ఫ్యాన్లు ఆపేయాలి, లేకపోతే కొవ్వొత్తి నిలవదు.

కళ్లజోళ్లు అందరికీ లేవు, 20 మాత్రమే ఉన్నాయి

అయితే ఐదు గ్రూపులు చేస్తుంటే మిగతా ఐదు గ్రూపులు గదికి రెండో పక్క కూర్చుని రికార్డులో పటం, సమీకరణం రాసుకుంటాయి, తర్వాత మారతారు. అప్పుడు గ్రూపుకి ఒక్కసారే చేయడం కుదురుతుంది, పర్లేదు. "పోసేవాడికి ఒక్కడికి పెడితే చాలు" అనే మాట వింటుంటా, కానీ చిందేది ఎక్కువగా వంగి చూసే పక్కవాడి మీదే. చూపు కోసం పెట్టుకునే అద్దాలు దీనికి పనికిరావు, పక్కలనుంచి ఖాళీ ఉంటుంది, వాటి మీదే గాగుల్స్ పెట్టించండి.

## పీరియడ్ మొదట్లో

45 నిమిషాల్లో అవుతుందా? మాకు ప్రతిసారీ బెల్ కొట్టేస్తున్నారు

బెల్ కొట్టేది ప్రయోగం పొడవై కాదు, శుభ్రం చేయడానికి టైం ఉంచకపోవడం వల్ల. చివరి నుంచి లెక్కేసుకోండి. ఆఖరి 12 నిమిషాలు కడగడానికి, దానికి ముందు 20 నిమిషాలు ప్రయోగానికి, మొదట 10 నిమిషాలు మీరు చెప్పి చూపించడానికి, మిగిలిన మూడు నిమిషాలు జుట్టు ముడి, గాగుల్స్, గ్రూపులుగా నిలబడడం వీటికి పోతాయి. సామాను ముందే ట్రేల్లో సర్ది ఉండాలి: రెండు టెస్ట్ ట్యూబులు, స్టాండు, హోల్డరు, జింక్ ముక్కలున్న చిన్న మూత, 5 మి.లీ. దగ్గర గీత గీసిన చిన్న ప్లాస్టిక్ గిన్నె. ఆమ్లం మాత్రం ట్రేలో పెట్టకండి, అది మీ చేతి మీదుగానే వెళ్లాలి. పిల్లలందరూ ఒక్క సీసా చుట్టూ మూగితే ఒలికేది అక్కడే.

పిల్లలకి ముందుగా ఏం చెప్పాలి? రూల్స్ చదివితే ఎవరూ వినట్లేదు

చదవకండి, ఒకసారి తప్పు లేకుండా మీరే చేసి చూపించండి, చేస్తూ మూడే మూడు విషయాలు చెప్పండి. ట్యూబు మూతి మన వైపూ కాదు, పక్కవాళ్ల వైపూ కాదు. ట్యూబుకి బిరడా గానీ వేలు గానీ పెట్టకూడదు, గ్యాస్ పోయే దారి మూస్తే ట్యూబు పగులుతుంది. మంట కొవ్వొత్తి దగ్గరే ఉంటుంది, ట్యూబు దాని దగ్గరకి వెళ్తుంది, కొవ్వొత్తి ట్యూబు దగ్గరకి రాదు. చెప్పాక ఇద్దరు ముగ్గురిని నిలబెట్టి అడగండి, సరిగ్గా చెప్పాకే ఆమ్లం పోయండి.

బట్టల విషయం కూడా అప్పుడే: చున్నీ వెనక్కి తీసి పిన్ను పెట్టుకోవాలి, జడ వెనక్కి, ప్లాస్టిక్ గాజులు తీసి పక్కన పెట్టాలి, కాళ్లకి చెప్పులుండాలి.

## చేస్తున్నప్పుడు

టప్ మని శబ్దం రావట్లేదు, ఎందుకు?

ఎక్కువ అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తా. సరైన పద్ధతి ముందు చెప్తా: ముక్కలున్న ట్యూబులో 5 మి.లీ. ఆమ్లం పోసి స్టాండులో పెట్టాలి, రెండో పొడి ట్యూబుని తలకిందులుగా మూతి మీద మూతి ఆనించి పట్టుకోవాలి, అర నిమిషం నుంచి నిమిషం దాకా. హైడ్రోజన్ గాలి కంటే తేలిక, పైకెళ్లి పై ట్యూబులో చేరుతుంది. తర్వాత పై ట్యూబుని తలకిందులుగానే, తిప్పకుండా, కొవ్వొత్తి మంట దగ్గరకి తీసుకెళ్లాలి.

శబ్దం రాకపోతే చాలాసార్లు కారణం పిల్లలు దారిలో ట్యూబుని నిలువుగా తిప్పేయడమే, క్షణంలో గ్యాస్ పైకి పోతుంది. రెండోది, పది సెకన్లకే తీసేయడం. మూడోది మెల్లగా నడిచి రావడం. వీటిల్లో ఏదైనా అయితే మంట మామూలుగా ఉంటుంది, ఏమీ జరగదు.

ఇంకో రకం ఉంది, శబ్దం రాదు గానీ ట్యూబు మూతి దగ్గర నెమ్మదిగా మండుతుంది, ట్యూబు లోపల సన్నటి తడి కనిపిస్తుంది. ఇది ఫెయిల్ కాదు, గ్యాస్ గాలి కలవకుండా బాగా నిండిందని అర్థం. పేలే శబ్దం హైడ్రోజన్, గాలి కలిసిన మిశ్రమానిది. పిల్లలకి ఈ తేడా చూపిస్తే టప్ శబ్దం ఎందుకొస్తుందో దానంతటదే తెలుస్తుంది. ఆ తడి కూడా చూపించండి, హైడ్రోజన్ మండితే వచ్చేది నీరే.

అగరబత్తి నిప్పుతో ప్రయత్నించకండి, నిప్పు కణం ఆక్సిజన్ పరీక్షకి, దీనికి మంట కావాలి.

బుడగలు చాలా నెమ్మదిగా వస్తున్నాయి, ఆమ్లం పాడైందా?

ఆమ్లం కంటే ముందు జింక్ మీద అనుమానపడండి. పాత ముక్కల మీద బూడిద రంగు పొర ఉంటుంది, అది ఆక్సైడు, కార్బొనేటు. ముందు రోజు ఆ ముక్కల్ని పలుచని ఆమ్లంలో కొన్ని సెకన్లు ముంచి నీళ్లతో కడిగి ఆరబెడితే మెరుపొస్తుంది. అయినా నెమ్మదిగా ఉంటే జింక్ మరీ స్వచ్ఛమైనది కావచ్చు, స్వచ్ఛమైన జింక్ ఆమ్లంతో నిదానంగా చర్య జరుపుతుంది. ట్యూబులో రెండు చుక్కల కాపర్ సల్ఫేట్ ద్రావణం వేస్తే ముక్కల మీద నల్లగా రాగి పేరుకుని బుడగలు జోరందుకుంటాయి. ఎక్కువ వేయకండి, రాగి మొత్తం కప్పేస్తే జింక్ ఆమ్లానికి అందదు. ఆ ముక్కల్ని తర్వాత మంచి జింక్‌లో కలపకుండా వేరే డబ్బాలో పెట్టుకోండి.

ట్యూబు వేడెక్కుతోంది, భయపడాలా?

లేదు, ఇది ఉష్ణమోచక చర్య. 5 మి.లీ.కి గోరువెచ్చగా అవుతుంది, చేత్తో తాకి చూడమని మీరే చెప్పొచ్చు. పట్టుకోలేనంత వేడెక్కితే ఆమ్లం గాఢంగా కలిసిందని అర్థం, ఆపేయండి.

గదంతా హైడ్రోజన్ నిండి పేలిపోతుందేమో అని హెడ్మాస్టరు గారు ఒప్పుకోవట్లేదు

ఆయనకి ఈ లెక్క చెప్పండి. 10 గ్రూపులు రెండేసిసార్లు చేస్తే మొత్తం గ్యాస్ 2.4 లీటర్లు. 7 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిలో గాలి 1,26,000 లీటర్లు. హైడ్రోజన్ మండాలంటే గాలిలో కనీసం 4 శాతం ఉండాలి, ఇక్కడ మనకొచ్చేది 0.002 శాతం, అదీ కిటికీలు మూసేసి ఉంటే. ప్రమాదం గదిలో కాదు, మూసిన పాత్రలో ఉంది. ఫ్లాస్కుకి బిరడా, గొట్టం బిగించి, లోపలి గాలి ఇంకా బయటికి పోకముందే గొట్టం చివర మంట పెడితే ఆ మంట లోపలికి పాకి ఫ్లాస్కు గాజు ముక్కలవుతుంది. అందుకే పిల్లల చేత గొట్టాల అమరిక వద్దు, తెరిచిన ట్యూబే మంచిది.

బెలూన్లో నింపి మంట పెట్టమని పిల్లలు అడుగుతున్నారు, వీడియోల్లో చూశారట

వద్దు అని చెప్పండి, బతిమాలినా వద్దు. 30 మి.లీ. ట్యూబులో టప్ అనేది బెలూన్లో లీటర్ల లెక్కన అయితే ముఖాలు కాలతాయి. ప్లాస్టిక్ సీసాలో యాసిడ్, అల్యూమినియం రేకు వేసి మూత బిగించే వీడియోలు కూడా చూసి ఉంటారు, అది ఎందుకు పేలుతుందో క్లాసులోనే వివరంగా చెప్పడం మేలు, చెప్పకపోతే ఇంటి వెనకాల చేసి చూస్తారు.

చేతి మీద ఆమ్లం పడితే వంటసోడా రాయాలా?

చర్మం మీద సోడా రాయకండి. నీళ్లు, ఎక్కువ నీళ్లు, వెంటనే. 2 మోలార్ కాబట్టి త్వరగా కడిగితే కాస్త మంటతో పోతుంది. బట్టల మీద పడితే ఆ చోటు నీళ్లతో బాగా తడపండి, లేకపోతే ఆరేకొద్దీ గాఢమై చిల్లు పడుతుంది. కంట్లో పడితే మాత్రం రెప్పలు తెరిచి పట్టుకుని ధార కింద కనీసం 15 నిమిషాలు, ఏడ్చినా ఆపకుండా, తర్వాత నేరుగా డాక్టర్ దగ్గరకి. వంటసోడా బల్ల మీదా నేల మీదా ఒలికిన ఆమ్లానికి: చుట్టూ నుంచి మధ్యకి చల్లుకుంటూ రండి, నురగ ఆగాక తడి గుడ్డతో తుడిచేయండి.

## శుభ్రం చేసేటప్పుడు

అన్నీ సింకులో పారబోసి కడిగేస్తే పోలా?

పోదు. అందులో ఉన్నది జింక్ క్లోరైడు, కొంచెం మిగిలిన ఆమ్లం. జింక్ లవణాలు నీటిలోని చేపలకి, ఇతర జీవాలకి హాని, స్కూలు కాలువ ఏ చెరువులోకి పోతుందో మీకు తెలిసే ఉంటుంది. ముక్కలు సింకు గొట్టంలో ఇరుక్కోవడం మరో తలనొప్పి.

గది మధ్యలో ఒక ప్లాస్టిక్ బకెట్, దాని మీద ప్లాస్టిక్ టీ వడకట్టు పెట్టండి, స్టీలుది వద్దు, ఆమ్లం తినేస్తుంది. గ్రూపుకొకరు వచ్చి ట్యూబుని వడకట్టులోకి ఒంపాలి, ద్రవం కిందకి, ముక్కలు పైన. ట్యూబుని కొంచెం నీళ్లతో ఒకసారి కడిగి అదీ బకెట్లోకే. తర్వాత సాదా నీళ్ల బకెట్లో ట్యూబుల్ని బ్రష్‌తో కడిగి స్టాండులో తలకిందులుగా బోర్లించాలి.

బకెట్లో చేరిన ద్రవాన్ని ఏం చేయాలి?

వంటసోడా వేసి తటస్థం చేయాలి. ఎంత అంటే, ఒక సెక్షన్ 100 మి.లీ.లో 0.2 మోల్ ఆమ్లం ఉండేది. అది ఆమ్లంగానే మిగిలినా, జింక్ క్లోరైడుగా మారిపోయినా, దాన్ని పూర్తిగా పట్టడానికి కావాల్సిన సోడా ఒకటే, సుమారు 17 గ్రాములు. 20 గ్రాములు తూచుకుని చెంచాతో కొంచెం కొంచెం వేయండి, ఒకేసారి వేస్తే నురగ పొంగి బకెట్ దాటుతుంది. ఆమ్లం పోయేకొద్దీ నురగ తగ్గి అడుగున తెల్లటి మడ్డి కనపడడం మొదలవుతుంది, అది జింక్ కార్బొనేటు. కొత్తగా చిటికెడు వేసినా బుసబుసలాడకపోతే, నీలి లిట్మస్ ఎర్రబడకపోతే అయినట్టే.

బకెట్‌ని రాత్రంతా కదపకుండా వదిలేసి, మర్నాడు పైన తేరిన నీళ్లని ఎక్కువ నీళ్లతో సింకులో పోయండి. మడ్డిని పాత పేపరు మీద ఆరబెట్టి డబ్బాలో దాచండి, ఏడాదంతా చేసినా చిన్న డబ్బా నిండదు. మొక్కలకి జింక్ మంచిదట కదా అని తోటలో పోయకండి, ఇంత మోతాదు మంచి చేయదు.

మిగిలిన జింక్ ముక్కల్ని ఎలా దాచాలి?

రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడిగి, పేపరు మీద పరిచి పూర్తిగా ఆరాకే డబ్బాలో వేయండి. తొందరపడి తడిగా వేసి మూత బిగిస్తే ముక్కలకి అంటుకున్న ఆమ్లం లోపల పనిచేస్తూనే ఉంటుంది, హైడ్రోజన్ పోగై మూత ఎగిరే ప్రమాదం ఉంది. అనుమానంగా ఉంటే ఆ రాత్రికి మూత వదులుగా పెట్టి మర్నాడు బిగించండి.

ల్యాబ్ కడిగే ఆయమ్మ బ్లీచింగ్ పౌడర్ చల్లుతుంది, పర్వాలేదా?

ఆ రోజు మాత్రం చల్లొద్దని ఆమెకి మీరే స్వయంగా చెప్పాలి. ఆమ్లం మీద బ్లీచింగ్ పౌడర్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన గదిలో అది ఊపిరి ఆడనివ్వదు. బల్లలు, నేల సోడా నీళ్లతో తుడిచి, మామూలు నీళ్లతో ఒకసారి తుడిచాక మర్నాడు ఆమె పని ఆమె చేసుకోవచ్చు. బోర్డు మీద ఒక మూల "ఈరోజు బ్లీచింగ్ వద్దు" అని రాసి పెట్టండి, ఎందుకంటే సాయంత్రం తాళాలు తీసేది వేరేవాళ్లు కావచ్చు.

ట్యూబు పగిలింది, పిల్లాడు చేత్తో ఏరబోయాడు

పగిలిన వెంటనే అందరూ రెండడుగులు వెనక్కి. చీపురు, చేటతో మీరే తీయండి, సన్న ముక్కలకి తడి పేపరు అద్దితే అంటుకుంటాయి. మామూలు చెత్తబుట్టలో వేస్తే దాన్ని చేత్తో ఎత్తేవాళ్ల వేళ్లు తెగుతాయి, అట్టపెట్టెలో వేసి టేపు చుట్టి పైన "గాజు" అని రాయండి. సామాను వెనక్కి తీసుకునేటప్పుడు ట్రేలో రెండు ట్యూబులూ ఉన్నాయా, మూతుల దగ్గర పగుళ్లు ఉన్నాయా అని చూసుకుని తీసుకోండి, పగులున్న ట్యూబుని వేడిచేసే ప్రయోగానికి మళ్లీ ఇవ్వకుండా అక్కడికక్కడే తీసేయండి.